కిందటి పల్లం కింద స్టాప్ లాస్

2024 జూన్ 4న మన ఇళ్లలో పొద్దున్నుంచీ టీవీ ఆగలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఓట్ల లెక్కింపూ, దేశమంతటి లోక్‌సభ లెక్కింపూ ఒకే రోజు వచ్చాయి. అందరూ ఆధిక్యాల గురించి మాట్లాడుకుంటుంటే మా బావమరిది మాత్రం గది మూలన కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. అతని దగ్గర నిఫ్టీ ఈటీఎఫ్ యూనిట్లు ఉన్నాయి. ఫోన్‌లో నిఫ్టీ చార్టు, దాని మీద వేలితో గీసిన ఒక ఎర్ర గీత.

"21,800 దగ్గర ఆగుతుంది బావా. మార్చిలో అక్కడే ఆగింది, ఏప్రిల్‌లో అక్కడే ఆగింది, మే నెలలోనూ అక్కడే ఆగింది" అన్నాడు.

ఆ రోజు ఆగలేదు. ముందు రోజు 23,263.90 దగ్గర ముగిసిన నిఫ్టీ ఒక దశలో 21,281.45 దాకా పడిపోయింది. సాయంత్రానికి కొంత లేచి 21,884.50 దగ్గర ముగిసింది. అంటే పగలు గీత కిందికి పోయి, మార్కెట్ మూసే వేళకు మళ్లీ గీత మీదికి వచ్చింది. గీత పనిచేసిందా, చేయలేదా? స్టాప్ లాస్ ఎక్కడ ఉండాల్సింది? ఆ తర్వాతి ఆదివారాల్లో మేమిద్దరం కూర్చుని, కంటితో చూసి గీసే ఆ గీతను ఒక చిన్న ప్రోగ్రాంతో గీయించడం మొదలుపెట్టాం. కంటికి తెలియని తప్పులు లెక్కలో బయటపడ్డాయి. వాటి గురించే ఈ వ్యాసం.

పల్లం అంటే ఏది?

ధర ఎప్పుడూ తిన్నగా నడవదు. దిగి, ఆగి, లేచి, మళ్లీ దిగుతుంది. దిగి ఆగిన చోటును ట్రేడర్లు స్వింగ్ లో అంటారు, లేచి ఆగిన చోటును స్వింగ్ హై అంటారు. ఇక్కడ నేను వాటిని పల్లం, మిట్ట అంటాను. పల్లాలు పదే పదే ఒకే ధర దగ్గర పడితే అది సపోర్ట్. మిట్టలు ఒకే ధర దగ్గర పడితే అది రెసిస్టెన్స్. ఇంతవరకు ఎవరికైనా తెలుసు. కంప్యూటర్‌కు చెప్పాలంటే మాత్రం "దిగి ఆగిన చోటు" అనే మాటకు కచ్చితమైన అర్థం కావాలి.

ఎక్కువమంది వాడే అర్థం ఇది: ఒక రోజు కనిష్ఠ ధర, దానికి ముందున్న మూడు రోజుల కనిష్ఠాల కంటే, తర్వాతి మూడు రోజుల కనిష్ఠాల కంటే కిందుంటే ఆ రోజు పల్లం. ఆ మూడు బదులు రెండు పెట్టుకోవచ్చు, అయిదు పెట్టుకోవచ్చు. బిల్ విలియమ్స్ ప్రచారంలోకి తెచ్చిన ఫ్రాక్టల్ అనే గుర్తు ఇదే లెక్క, అటు రెండు ఇటు రెండు. ఈ అంకెను `k` అందాం. `k` చిన్నదైతే ప్రతి చిన్న గతుకూ పల్లమే. పెద్దదైతే పెద్ద లోయలే మిగులుతాయి. రోజువారీ చార్టులో వారాల పాటు ఉంచుకునే కొనుగోళ్లకు మూడు బాగానే సరిపోతుందని నా అనుభవం.

2024 మార్చి నుంచి మే దాకా నిఫ్టీ రోజువారీ ధరలకు ఈ లెక్క వేస్తే లోతైన పల్లాలు మూడు వస్తాయి. మార్చి 20న 21,710.20. ఏప్రిల్ 19న, ఇరాన్–ఇజ్రాయెల్ ఘర్షణ వార్తలు వచ్చిన రోజు, 21,777.65. మే 13న 21,821.05. మా బావమరిది గీత వీటి మీదిదే.

ఈ లెక్కలో అందరూ జారిపడే చోటు ఒకటుంది, దాని దగ్గర కాసేపు ఆగాలి. మే 13 పల్లమని మనకు ఎప్పుడు తెలిసింది? మే 13న తెలియదు. ఆ తర్వాత మూడు రోజులూ అంతకంటే కిందికి వెళ్లలేదని చూశాకే తెలుస్తుంది. అంటే మే 16 సాయంత్రం. అప్పటికి నిఫ్టీ 22,403.85 దగ్గర ముగిసింది. పల్లం నుంచి దాదాపు 580 పాయింట్లు పైకి వెళ్లిపోయాక గానీ అది పల్లమని రుజువు కాలేదు. చార్టును ఇవాళ వెనక్కి తిప్పి చూస్తే మే 13 కొనడానికి చక్కటి రోజులా కనిపిస్తుంది. ఆ రోజున కూర్చున్న మనిషికి అది పడిపోతున్న మార్కెట్టే.

పైథాన్‌లో రాస్తే లెక్క ఇలా ఉంటుంది:

```python
k = 3
lo = df["Low"]
is_low = lo == lo.rolling(2*k + 1, center=True).min()
known = is_low.shift(k, fill_value=False)
last_low = lo.shift(k).where(known).ffill()
```

మూడో వరుస పల్లాన్ని పట్టుకుంటుంది, కానీ అందుకు రాబోయే మూడు రోజులను కూడా చూస్తుంది. నాలుగో వరుస ఆ సంగతిని మూడు రోజులు ఆలస్యంగా బయటపెడుతుంది. చివరి వరుస "ఈ రోజు సాయంత్రానికి మనకు రుజువైన ఆఖరి పల్లం ఎంత" అన్నదానికి జవాబు. ఆ `shift` వేయడం మరిచిపోతే ప్రోగ్రాం తప్పు చూపదు, ఆగిపోదు. పాత ధరల మీద పరీక్షిస్తే అద్భుతమైన లాభాలు చూపిస్తుంది, ఎందుకంటే అది ప్రతి పల్లం దగ్గరా మర్నాటి పేపర్ చదివి కొంటోంది. మేం మొదటిసారి రాసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. లాభాల గీత ఎక్కడా దిగకుండా మెట్లెక్కినట్టు పైకి పోతుంటే మా బావమరిది సంబరపడ్డాడు. నాకు అదే భయం వేసింది. పరీక్ష ఫలితం మరీ నున్నగా ఉంటే ముందు వెతకాల్సింది ఈ `shift` ఉందా లేదా అని.

ధరల పట్టిక విషయంలో చిన్న జాగ్రత్తలు రెండు. విడి షేర్లకైతే బోనస్, స్ప్లిట్ తర్వాత సరిచేసిన ధరలే వాడాలి. ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చిన రోజు ధర సగమైతే, పాత పల్లాలన్నీ ఆకాశంలో వేలాడే అబద్ధపు గీతలవుతాయి. రెండోది, 2024 మే 18 శనివారం లాంటి రోజులు. అత్యవసర ఏర్పాట్లను పరీక్షించడానికి ఆ రోజు ఎక్స్ఛేంజీలు కాసేపే తెరిచాయి. పట్టికలో అది కూడా ఒక రోజుగానే నమోదవుతుంది, మన మూడు రోజుల లెక్కలో ఒక రోజును తినేస్తుంది. దాన్ని ఉంచాలో తీసేయాలో ముందే నిర్ణయించుకుని చివరిదాకా అదే పాటించాలి.

గీతకు మందం ఉంటుంది

21,710, 21,777, 21,821. ఈ మూడింటిలో సపోర్ట్ ఏది? చేత్తో గీసేవాడు ఏదో ఒకటి ఎంచుకుంటాడు, లేదా మూడింటి మధ్యగా ఒక గీత లాగుతాడు. నిజానికి మూడూ కలిసి ఒక పట్టీ. కొనేవాళ్లందరూ ఒకే అంకె దగ్గర కాచుకుని ఉండరు. ఒకరు కాస్త పైన, ఒకరు కాస్త కింద ఆర్డర్లు పెడతారు. అందుకే ట్రేడర్లు సపోర్ట్ జోన్ అంటారు.

ఏ పల్లాలు ఒకే జోన్‌లోకి వస్తాయో తేల్చడానికి ఒక కొలబద్ద కావాలి. 111 పాయింట్ల తేడా చిన్నదా పెద్దదా? నిఫ్టీకి అది పూట కదలిక. కదలికే లేని బాండు ఫండుకైతే అది భూకంపం. అందుకని ఆ సరుకు రోజుకు మామూలుగా ఎంత ఊగుతుందో దాన్నే కొలతగా తీసుకుంటారు. దీని పేరు ఏటీఆర్, సగటు రోజువారీ ఊపు. వెల్స్ వైల్డర్ 1978లో తన పుస్తకంలో ఇచ్చిన లెక్క ఇది. ఒక రోజు గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య దూరం తీసుకుంటారు. నిన్నటి ముగింపు నుంచి ఇవాళ గ్యాప్ వచ్చి ఉంటే ఆ గ్యాప్‌నూ కలుపుకుంటారు. దాన్ని 14 రోజులకు సగటు చేస్తారు. 2024 మే మధ్యలో నిఫ్టీ ఏటీఆర్ సుమారు 240 పాయింట్లు.

ఇక పని సులువు. పల్లాలన్నిటినీ కింది నుంచి పైకి వరుస పెట్టి, తర్వాతి పల్లం ఇప్పటి గుంపు సగటుకు సగం ఏటీఆర్ లోపు ఉంటే గుంపులో కలుపుతాం, లేకపోతే కొత్త గుంపు మొదలుపెడతాం.

```python
zones = []
for p in sorted(swings):
    if zones and p - sum(zones[-1])/len(zones[-1]) <= 0.5*atr:
        zones[-1].append(p)
    else:
        zones.append([p])
```

సగం ఏటీఆర్ అంటే 120. ముందు 21,710 ఒక్కటే గుంపు. 21,777కు తేడా 67, కాబట్టి కలుస్తుంది, సగటు 21,744 దగ్గరికి చేరుతుంది. 21,821కి ఆ సగటు నుంచి తేడా 77, అదీ కలుస్తుంది. జోన్ 21,710 నుంచి 21,821 దాకా. మిట్టలకూ ఇదే లెక్క. ఏప్రిల్ 10న 22,775.70, మే 3న 22,794.70, మధ్య దూరం 19 పాయింట్లే. అది పైన రెసిస్టెన్స్ జోన్. మే 23న నిఫ్టీ 22,967.65 దగ్గర ముగిసి దాన్ని దాటేసింది.

పోలిక సగటుతో చేయడంలో కారణం ఉంది. గుంపులోని ఆఖరి పల్లంతో పోల్చుకుంటూ పోతే, ఒక్కొక్కటి వంద పాయింట్ల పైన ఉన్న పది పల్లాలు గొలుసులా అతుక్కుని తొమ్మిది వందల పాయింట్ల వెడల్పు జోన్ తయారవుతుంది. అంత వెడల్పు జోన్‌లో ధర ఎక్కడున్నా "సపోర్ట్ దగ్గరుంది" అనొచ్చు. అలాంటి జోన్ ఏమీ చెప్పనట్టే. ఏటీఆర్ కంటే వెడల్పైన జోన్ కనిపిస్తే నేను దాన్ని పక్కన పెట్టేస్తాను.

మరి ఎక్కువసార్లు తాకిన జోన్ ఎక్కువ గట్టిదా? ఈ ప్రశ్నకు చాలామంది ఠక్కున అవునంటారు. నాకంత నమ్మకం లేదు. ధర ఒకసారి దిగివచ్చినప్పుడల్లా అక్కడ కాచుకున్న కొనుగోలుదార్ల ఆర్డర్లు కొన్ని పూర్తయిపోతాయి. కొత్తవాళ్లు వచ్చి చేరకపోతే ప్రతి తాకిడికీ గోడ పల్చబడుతుంది. అందుకే ఎన్నిసార్లు తాకిందన్నదాన్ని బలానికి మార్కులుగా వేయడం మానేశాను. జోన్ ఉందా లేదా అనడానికి కనీసం రెండు పల్లాలు అడుగుతాను, అంతే.

అసలు ఈ జోన్లకు నిజంగా ఏమైనా పట్టు ఉందా, లేక మేఘాల్లో ఏనుగును చూస్తున్నామా అన్న అనుమానం సహజం. దీన్ని శ్రద్ధగా పరీక్షించిన వాళ్లలో కరోల్ ఓస్లర్ ఒకరు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఉండగా ఆమె 2000 సంవత్సరంలో ఒక అధ్యయనం ప్రచురించారు. 1996–98 మధ్య ఆరు సంస్థలు తమ ఖాతాదార్లకు రోజూ ఇచ్చిన సపోర్ట్, రెసిస్టెన్స్ అంకెలు తీసుకున్నారు. డాలర్‌తో మార్క్, యెన్, పౌండ్ మారకం రేట్లకు సంబంధించినవి అవి. వాటి పక్కన యాదృచ్ఛికంగా ఎంచిన అంకెలను పెట్టి, ధర ఏ అంకెల దగ్గర ఎక్కువగా ఆగి తిరిగిందో పోల్చారు. సంస్థలు ఇచ్చిన అంకెల దగ్గరే ఎక్కువసార్లు ఆగింది. 2003లో ఆమె మరో వ్యాసంలో కారణం వైపు వెళ్లారు. ఒక బ్యాంకుకు వచ్చిన అసలు ఆర్డర్లను చూస్తే, లాభం తీసుకునే ఆర్డర్లు గుండ్రటి అంకెల మీదే గుమిగూడుతున్నాయి. స్టాప్ లాస్ ఆర్డర్లు గుండ్రటి అంకెను దాటిన చోట గుమిగూడుతున్నాయి. ధర అంకె దగ్గర ఆగడానికీ, దాటితే వేగంగా జారడానికీ ఈ రెండు గుంపులే కారణం.

మన ప్రోగ్రాం మీద కూడా ఇదే పరీక్ష చేయొచ్చు, చేయాలి కూడా. మన జోన్లు ఎన్ని ఉన్నాయో, ఎంత వెడల్పున్నాయో అన్నే, అంతే వెడల్పువి యాదృచ్ఛికంగా వేయించి, ధర వాటి దగ్గర ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించాలి. దీన్ని కొన్ని వందల సార్లు చేయాలి. మన జోన్లు ఆ యాదృచ్ఛిక జోన్లకంటే స్పష్టంగా మెరుగ్గా కనిపించకపోతే, `k` ఎంత మార్చినా, ఎన్ని రంగులు పూసినా లాభం లేదు. పైకి పోతున్న మార్కెట్లో ఏ గీత గీసినా ధర దాని మీద నుంచి లేచినట్టే కనిపిస్తుంది. ఈ పోలిక లేకుండా ఆ భ్రమ పోదు.

స్టాప్ ఎక్కడ?

ఇప్పుడు డబ్బు విషయానికి వద్దాం. స్టాప్ లాస్ పెట్టమంటే చాలామంది "కొన్న ధరకు ఒక శాతం కింద" అంటారు. ఆ ఒక శాతం మన జేబును బట్టి వచ్చిన అంకె. మార్కెట్‌కు దానితో సంబంధం లేదు. 2024 మే 10న ఒకరు నిఫ్టీ ముగింపు 22,055 దగ్గర కొని ఒక శాతం కింద, అంటే 21,834 దగ్గర స్టాప్ పెట్టారనుకుందాం. మే 13న కనిష్ఠం 21,821. పదమూడు పాయింట్ల తేడాతో స్టాప్ తగిలి బయటికొచ్చేశారు. అదే రోజు నిఫ్టీ 22,104 దగ్గర ముగిసింది. ఏప్రిల్ పల్లం కానీ మార్చి పల్లం కానీ ఆ రోజు చెదరలేదు. జోన్‌కు ఏమీ కాలేదు, ఆ మనిషి మాత్రం నష్టంతో బయటపడ్డాడు.

నిర్మాణాన్ని బట్టి పెట్టే స్టాప్ వేరే ప్రశ్న అడుగుతుంది: ధర ఎక్కడికి వెళితే "కొనుగోలుదార్లు ఇక్కడున్నారు" అన్న నా ఊహ తప్పవుతుంది? జోన్ అడుగు 21,710. దానికి కాస్త ఎడం వదిలి కింద పెట్టాలి. సరిగ్గా 21,710 దగ్గరో 21,700 దగ్గరో పెట్టకూడదు. అక్కడే అందరి స్టాపులూ ఉంటాయి, ఓస్లర్ చూపింది అదే. నేను పావు ఏటీఆర్ ఎడం ఇస్తాను, ఇక్కడ 60 పాయింట్లు. స్టాప్ 21,650.

కొనడం ఎప్పుడు? మే 13 పల్లం రుజువైన మే 16 సాయంత్రం అనుకుందాం, 22,404 దగ్గర. అప్పుడు కొన్న చోటు నుంచి స్టాప్‌కు 754 పాయింట్ల దూరం, మూడు శాతం పైమాటే. ఇది చూడగానే చాలామంది బెదిరి స్టాప్‌ను పైకి జరుపుతారు. జరపాల్సింది స్టాప్ కాదు, కొనే సంఖ్య. సూచీని నేరుగా కొనలేం కాబట్టి, సూచీలో వందో వంతు ధరకు దగ్గరగా ఉండే ఈటీఎఫ్ యూనిట్‌తో లెక్క వేద్దాం. యూనిట్ 224.04 రూపాయలు, స్టాప్ 216.50, యూనిట్‌కు రిస్కు 7.54 రూపాయలు. మనిషి దగ్గర 5 లక్షలు ఉన్నాయి, ఒక్క కొనుగోలులో అందులో ఒక శాతం, 5,000 రూపాయల కంటే పోగొట్టుకోవడానికి సిద్ధంగా లేడు. 5,000ను 7.54తో భాగిస్తే 663 యూనిట్లు. వాటి విలువ సుమారు 1,48,500 రూపాయలు. 5 లక్షలున్నా ఒకటిన్నర లక్షే పెట్టమని లెక్క చెబుతోంది. స్టాప్ దూరంగా ఉంటే తక్కువ కొంటాం, దగ్గరగా ఉంటే ఎక్కువ కొంటాం. పోయే డబ్బు మాత్రం రెండు సందర్భాల్లోనూ అంతే.

ఈ వరుస తలకిందులు చేసేవాళ్లు చాలామంది. ముందు ఎన్ని కొనాలో అనుకుంటారు, తర్వాత ఎంత నష్టం భరించగలరో చూస్తారు, అక్కడికి సరిపోయే చోట స్టాప్ పెడతారు. అప్పుడు ఆ స్టాప్ చార్టులో ఏ పల్లానికీ చెందకుండా గాలిలో ఉంటుంది.

కొన్నాక స్టాప్ ఒకేచోట ఉండాల్సిన పని లేదు. ధర పైకి నడుస్తూ కొత్త పల్లం రుజువైనప్పుడల్లా స్టాప్‌ను ఆ పల్లం కిందికి జరుపుతాం, ఎప్పుడూ పైకే. జూన్ 4 కథలో ఇదే కీలకం. మే 30న నిఫ్టీ 22,417 దాకా దిగి లేచింది. ఆ తర్వాత రెండే పని దినాలు గడిచాయి, మే 31, జూన్ 3. `k` మూడైతే జూన్ 3 సాయంత్రానికి ఆ పల్లం ఇంకా రుజువు కాలేదు. రుజువైన ఆఖరి పల్లం మే 13 నాటిదే, కాబట్టి స్టాప్ 21,650 దగ్గరే ఉంది. `k` రెండైతే అదే సాయంత్రం రుజువైంది, స్టాప్ 22,357కు వచ్చేసింది. మర్నాడు నిఫ్టీ 23,179 దగ్గర తెరుచుకుని ఆ రెండు అంకెలనూ దాటి కిందికి పోయింది. మొదటివాడికి 5,000 నష్టం. రెండోవాడికి 47 పాయింట్ల నష్టం, అంటే మూడువందల చిల్లర. తేడా అంతా ఒక్క రోజు ఆలస్యంలో ఉంది.

దీన్ని చూసి రెండే మేలనుకుంటే పొరపాటు. `k` రెండైతే స్టాప్ ధరకు దగ్గరగా వెంటాడుతుంది, మామూలు ఊగిసలాటలో కూడా తరచూ తగులుతుంది. దాని ధర ఆ చిన్న నష్టాల్లో చెల్లిస్తాం. నేను ఇప్పుడు జోన్లు వెతకడానికి మూడు, స్టాప్ పైకి జరపడానికి రెండు వాడుతున్నాను. ఎందుకంటే జోన్‌కు నమ్మకం ముఖ్యం, ఉన్న లాభాన్ని కాపాడుకోవడానికి వేగం ముఖ్యం.

మరి ఆ రోజు ముగింపు? 21,884.50 అంటే జోన్ పైఅంచు 21,821 కంటే ఎక్కువ. స్టాప్‌ను తాకిడికి కాక రోజు ముగింపు ధరకు కట్టినవాడు 21,650 దగ్గర బయటికి రాలేదు. జూన్ 7న నిఫ్టీ 23,290.15 దగ్గర ముగిసింది, పడకముందు రోజు కంటే పైన. మా బావమరిది అదే పట్టుకున్నాడు. "చూశావా బావా, ముగింపు దాకా ఆగితే చాలు" అన్నాడు.

ఆగితే చాలని నేను అనలేను. 2020 మార్చి 23 గుర్తుంది. ముందు శుక్రవారం 8,745 దగ్గర ముగిసిన నిఫ్టీ సోమవారం 7,945 దగ్గర తెరుచుకుంది. కాసేపటికే పది శాతం పడి ట్రేడింగ్ ముప్పావు గంట ఆగింది. సాయంత్రం 7,610.25 దగ్గర ముగిసింది, ఒక్కరోజులో దాదాపు 13 శాతం నష్టం. ముగింపు కోసం ఆగినవాడికి దక్కింది ఆ ధర. తాకిడి స్టాప్ పెట్టినవాడికి కూడా పూర్తి రక్షణ లేదు. 8,500 దగ్గర స్టాప్ ఉంటే అమ్ముడయ్యేది 8,500కు కాదు, తెరుచుకున్న 7,945 దగ్గరో అంతకంటే కిందో. లెక్కలో రాసుకున్న 5,000 నష్టం గ్యాప్ వచ్చిన రోజున అంతకు ఎన్నో రెట్లు కావచ్చు. ఈ ముప్పును ఏ పల్లమూ ఆపదు. లోక్‌సభ ఫలితం, బడ్జెట్ లాంటి తెలిసిన తేదీల ముందు సంఖ్య తగ్గించుకోవడం ఒక్కటే నాకు తెలిసిన దారి.

చిన్న షేర్లలో ఇది ఇంకా కష్టం. లోయర్ సర్క్యూట్ పడిన షేరులో అమ్మేవాళ్లే ఉంటారు, కొనేవాళ్లుండరు. స్టాప్ ట్రిగ్గర్ అవుతుంది, ఆర్డర్ క్యూలో నిలబడుతుంది, అమ్ముడవదు. ట్రిగ్గర్‌తో పాటు లిమిట్ ధర కూడా ఇచ్చే స్టాప్ ఆర్డర్ అయితే, ధర ఆ లిమిట్‌ను దూకి దాటినప్పుడు పెద్ద షేరులో కూడా అలాగే మిగిలిపోవచ్చు. అందుకే ఈ పద్ధతిని నేను రోజూ బాగా చేతులు మారే షేర్లకు, ఈటీఎఫ్‌లకు తప్ప వాడను.

జూన్ 7 ముగింపు దాకా ఉన్న ధరల మీద మా ప్రోగ్రాం ఒక కొత్త పల్లాన్ని రుజువు చేసి చూపింది. 21,281, జూన్ 4 నాటిది. మా బావమరిది మళ్లీ కొంటానన్నాడు. లెక్క వేయమన్నాను. ఏటీఆర్ ఈసరికి 400 దాటింది, కాబట్టి పావు ఎడం 100 పాయింట్లు, స్టాప్ 21,181. నిఫ్టీ 23,290 దగ్గరుంది. యూనిట్‌కు రిస్కు 21.09 రూపాయలు. అదే 5,000ను దీనితో భాగిస్తే 237 యూనిట్లు, సుమారు 55,000 రూపాయలు. మే నెలలో లక్షన్నర దాకా పెట్టమన్న లెక్కే ఇప్పుడు అందులో మూడో వంతు చాలంటోంది. అతను కాసేపు ఆ అంకె చూసి, "పల్లం దగ్గరికి వచ్చేదాకా ఆగుదాం బావా" అని లాప్‌టాప్ మూసేశాడు.